బ్యాక్‌ప్రాపగేషన్‌ను చేత్తో చేయడం: రెండు ఇన్‌పుట్లు, రెండు హిడెన్ న్యూరాన్లు, ఒక అవుట్‌పుట్

మొన్న ఒక జూనియర్ తన ప్రాక్టీస్ పేపర్ తెచ్చి చూపించాడు. ఫార్ములాలన్నీ కరెక్టే, చైన్ రూల్ కూడా చక్కగా రాశాడు, కానీ హిడెన్ లేయర్ గ్రేడియంట్లు ఒక్కటీ కీతో కలవడం లేదు. పేపర్‌ను కాస్త జాగ్రత్తగా చూస్తే కారణం దొరికింది. పైన v1 దగ్గర 0.5 కొట్టేసి, దాని నెత్తిమీద చిన్న అక్షరాలతో 0.5338 అని రాసుకున్నాడు. అంటే అవుట్‌పుట్ వెయిట్‌ను ముందే అప్‌డేట్ చేసేశాడు, తర్వాత హిడెన్ లేయర్‌కి వెనక్కి వచ్చేటప్పుడు ఆ కొత్త విలువే వాడేశాడు. అక్కడి నుంచి అన్నీ తప్పే.

ఈ ఒక్క తప్పు చాలామంది చేస్తారు. అందుకే అదే నెట్‌వర్క్‌ని తీసుకుని మొదటి నుంచి చివరి వరకు ఒక్క అడుగు కూడా వదలకుండా చేద్దాం. ఒక తెల్ల కాగితం, కాలిక్యులేటర్ దగ్గర పెట్టుకుని నాతోపాటే లెక్క వేయండి, చదువుకుంటూ పోతే ఇది చేతికి రాదు. గేట్ డేటా సైన్స్ పేపర్ రాసేవాళ్లయితే సొంత కాలిక్యులేటర్ పక్కన పెట్టి, స్క్రీన్ మీద వచ్చే వర్చువల్ కాలిక్యులేటర్‌తోనే చేయండి, ఎందుకంటే అక్కడ అదొక్కటే ఉంటుంది, అందులో ఎక్స్‌పొనెన్షియల్ బటన్‌కి చెయ్యి అలవాటు కావాలి.

ముందు బొమ్మ, పేర్లు

ఇన్‌పుట్లు రెండు: x1 = 1, x2 = 2. హిడెన్ న్యూరాన్లు రెండు: h1, h2. అవుట్‌పుట్ ఒక్కటే: y. రావాల్సిన సమాధానం, అంటే టార్గెట్, t = 1. మూడు న్యూరాన్లకూ సిగ్మాయిడే. ఎర్రర్ సగం స్క్వేర్డ్ ఎర్రర్, లర్నింగ్ రేటు 0.5. మొదటి వెయిట్లు ఇవి:

```
h1 కి:  w1 = 0.2  (x1 నుంచి)   w2 = 0.1  (x2 నుంచి)   b1 = 0
h2 కి:  w3 = -0.3 (x1 నుంచి)   w4 = 0.2  (x2 నుంచి)   b2 = 0.1
y కి:   v1 = 0.5  (h1 నుంచి)   v2 = -0.4 (h2 నుంచి)   c  = 0.1

E = 1/2 (t - y)^2        η = 0.5
```

బొమ్మ గీసి ప్రతి గీత మీద దాని వెయిట్ రాయండి. రెండు నిమిషాలు పడుతుంది, కానీ తర్వాత ఏ వెయిట్ ఎక్కడి నుంచి ఎక్కడికి వెళ్తుందో వెతుక్కునే పని ఉండదు. క్వశ్చన్ పేపర్లో వెయిట్లు మ్యాట్రిక్స్ రూపంలో ఇస్తే ఇది ఇంకా అవసరం, ఎందుకంటే అడ్డు వరుస ఇన్‌పుట్‌దా, న్యూరాన్‌దా అన్నది ఒక్కో చోట ఒక్కోలా ఉంటుంది, అది తేల్చుకోకుండా మొదలుపెడితే w2, w3 తారుమారైపోతాయి.

ముందుకు వెళ్లడం

ప్రతి న్యూరాన్ దగ్గర రెండు విలువలు వస్తాయి. ఒకటి సిగ్మాయిడ్‌కి ముందు వచ్చే మొత్తం, దాన్ని z అందాం. రెండోది సిగ్మాయిడ్ తర్వాత బయటికి వచ్చేది. రెండూ విడివిడిగా రాసుకోండి.

```
z1 = 0.2×1 + 0.1×2 + 0      = 0.4      h1 = σ(0.4)    = 0.5987
z2 = -0.3×1 + 0.2×2 + 0.1   = 0.2      h2 = σ(0.2)    = 0.5498
z3 = 0.5×0.5987 - 0.4×0.5498 + 0.1
   = 0.1794                            y  = σ(0.1794) = 0.5447

E  = 1/2 (1 - 0.5447)^2 = 0.1036
```

సిగ్మాయిడ్ అంటే 1/(1 + e^(-z)). z పాజిటివ్ అయితే జవాబు 0.5 కంటే ఎక్కువ రావాలి, నెగెటివ్ అయితే తక్కువ రావాలి. ఇక్కడ మూడు z లూ పాజిటివే, మూడు జవాబులూ 0.5 పైనే ఉన్నాయి. 0.4 కి మీకు 0.4013 వచ్చిందంటే e దగ్గర మైనస్ గుర్తు మర్చిపోయారన్నమాట.

నాలుగు దశాంశ స్థానాల వరకు ఉంచండి. రెండు స్థానాలకే కుదిస్తే హిడెన్ లేయర్‌కి వచ్చేసరికి 0.0136 లాంటి విలువ 0.01 అయిపోతుంది, ఇక అందులో మిగిలేదేమీ ఉండదు.

వెనక్కి వచ్చే ముందు ఒక్క వెయిట్ దారి చూద్దాం

నేరుగా డెల్టా ఫార్ములాల్లోకి దూకితే బట్టీ పట్టినట్టు ఉంటుంది. ముందు w2 అనే ఒక్క వెయిట్‌ని పట్టుకుందాం. w2 ని కొంచెం కదిపితే z1 కదులుతుంది, దాంతో h1, దాంతో z3, దాంతో y, చివరికి E. వరుసగా ఐదు మెట్లు. ప్రతి మెట్టు దగ్గర "ముందుది కొంచెం కదిలితే తర్వాతది ఎన్ని రెట్లు కదులుతుంది" అని అడిగి, వచ్చిన ఐదు అంకెలనూ గుణిస్తే అయిపోయింది, చైన్ రూల్ అంటే ఇంతే.

```
w2 → z1 :  x2        = 2
z1 → h1 :  h1(1-h1)  = 0.5987×0.4013 = 0.2403
h1 → z3 :  v1        = 0.5
z3 → y  :  y(1-y)    = 0.5447×0.4553 = 0.2480
y  → E  :  y - t     = -0.4553

గుణిస్తే:  -0.0271
```

చివరి మెట్టు చూడండి. E లో సగం ఉంది కాబట్టి డిఫరెన్షియేట్ చేస్తే పైనుంచి దిగిన 2 తో అది కొట్టుకుపోయి, (t - y) లోపలి మైనస్ వల్ల y - t మిగులుతుంది. ప్రశ్నలో 1/2 లేకుండా (t - y)^2 అని ఇస్తే ఇక్కడ 2(y - t) వస్తుంది, అన్ని గ్రేడియంట్లూ రెట్టింపు అవుతాయి. కాబట్టి ఎర్రర్ ఫార్ములాను ప్రశ్నలోంచి చూసి రాసుకోండి, అలవాటుగా రాయొద్దు.

ఇలా ఆరు వెయిట్లకీ, మూడు బయాస్‌లకీ విడివిడిగా చేసుకుంటూ పోవచ్చు, తప్పేమీ లేదు, కానీ చివరి రెండు మెట్లు ప్రతిసారీ అవే వస్తాయి. వాటిని ఒక్కసారి లెక్కగట్టి దాచుకుని మళ్లీ మళ్లీ వాడుకోవడమే బ్యాక్‌ప్రాపగేషన్ చేసే పని. 1986లో రూమెల్‌హార్ట్, హింటన్, విలియమ్స్ నేచర్ పత్రికలో రాసిన పేపర్‌తో ఈ పద్ధతి న్యూరల్ నెట్‌వర్క్‌లు వాడేవాళ్లందరికీ చేరింది. ఆ దాచుకునే విలువనే డెల్టా అంటాం.

అవుట్‌పుట్ డెల్టా

```
δ3 = (y - t) × y(1-y)
   = -0.4553 × 0.2480
   = -0.1129
```

ఇది నెగెటివ్ వచ్చింది. అర్థం ఏమిటంటే z3 పెరిగితే ఎర్రర్ తగ్గుతుంది. y ఇప్పుడు 0.5447 దగ్గర ఉంది, 1 వైపు వెళ్లాలి, కాబట్టి z3 పెరగాల్సిందే, గుర్తు సరిగ్గానే ఉంది. ఇలా ప్రతి గుర్తునూ మాటల్లో చెప్పుకుని చూడటం నేర్చుకుంటే సగం తప్పులు అక్కడే దొరికిపోతాయి.

ఇప్పుడు v1, v2, c ల గ్రేడియంట్లు. సూత్రం ఒక్కటే, ఏ లేయర్‌కైనా ఇదే: గీత మొదలయ్యే చోట ఉన్న విలువని, గీత చేరే చోట ఉన్న డెల్టాతో గుణించాలి. బయాస్‌కి మొదలయ్యే చోట ఎప్పుడూ 1 ఉన్నట్టు అనుకోండి.

```
v1 :  0.5987 × -0.1129 = -0.0676
v2 :  0.5498 × -0.1129 = -0.0621
c  :  1 × -0.1129      = -0.1129
```

ఇక్కడ ఆగండి. గ్రేడియంట్లు చేతిలో ఉన్నాయి కదా అని v1 ని అప్‌డేట్ చేయాలనిపిస్తుంది. చేయొద్దు. ఆ జూనియర్ జారింది సరిగ్గా ఇక్కడే. ఈ మూడు గ్రేడియంట్లనీ కాగితం కుడి అంచున ఒక డబ్బాలో రాసి పక్కన పెట్టండి, వెయిట్ల జోలికి వెళ్లొద్దు.

హిడెన్ డెల్టాలు

h1 వల్ల ఎంత తప్పు జరిగిందో తెలియాలంటే, అవుట్‌పుట్ దగ్గరి డెల్టా h1 నుంచి y కి వెళ్లిన గీత మీదుగానే వెనక్కి రావాలి. అంటే v1 తో గుణించాలి, పాత v1, 0.5. ముందుకు వెళ్లేటప్పుడు ఏ v1 తో y ని కట్టామో, ఆ y వల్ల వచ్చిన ఎర్రర్‌ని వెనక్కి పంచేటప్పుడూ అదే v1 ఉండాలి. తర్వాత h1 సొంత సిగ్మాయిడ్ వాలు, h1(1-h1), తో గుణించాలి.

```
δ1 = δ3 × v1 × h1(1-h1)
   = -0.1129 × 0.5 × 0.2403    = -0.0136

δ2 = δ3 × v2 × h2(1-h2)
   = -0.1129 × -0.4 × 0.2475   = +0.0112
```

δ2 పాజిటివ్ రావడం చూసి కంగారు పడొద్దు. v2 నెగెటివ్ కాబట్టి h2 పెరిగితే y తగ్గుతుంది, మనకి y పెరగాలి, అందుకే h2 తగ్గాలి. రెండు డెల్టాల గుర్తులూ వేర్వేరుగా ఉండటమే ఇక్కడ సహజం.

కొత్త v1, v2 వాడి ఉంటే ఏమయ్యేది? δ1 కి -0.0145, δ2 కి 0.0103 వచ్చేవి. చూడటానికి అవి కూడా నమ్మదగిన అంకెల్లాగే ఉంటాయి, గుర్తులు కూడా సరిపోతాయి. అందుకే ఈ తప్పు కళ్లకి కనపడదు, గేట్ లాంటి పరీక్షలో అంకె టైప్ చేసే ప్రశ్న అయితే జవాబు ఇచ్చిన రేంజ్ బయటకి వెళ్లి మార్కు పోతుంది.

ఇంకో తప్పు కూడా ఇక్కడే జరుగుతుంది. సిగ్మాయిడ్ వాలు కట్టేటప్పుడు h బదులు z పెట్టేయడం. ఈ లెక్కలో తమాషా ఏమిటంటే z1 = 0.4 పెడితే 0.4×0.6 = 0.24 వస్తుంది, అసలు జవాబు 0.2403, దాదాపు ఒకటే! అది చూసి పద్ధతి కరెక్టే అనుకుంటారు. కానీ z2 దగ్గర 0.2×0.8 = 0.16 వస్తుంది, రావాల్సింది 0.2475. కాబట్టి సిగ్మాయిడ్ నుంచి బయటికి వచ్చిన విలువే పెట్టాలి. దీనికి ఒక తేలిక గుర్తు ఉంది, సిగ్మాయిడ్ వాలు ఎప్పుడూ సున్నాకి పైన, 0.25 కి మించకుండా ఉంటుంది, మీకు 0.3 వచ్చినా, మైనస్‌లో వచ్చినా ఎక్కడో తప్పు జరిగినట్టే.

ఆ 0.25 గరిష్ఠం గురించే ఇంకో మాట. అవుట్‌పుట్ డెల్టా 0.1129 సైజులో ఉంటే ఒక్క లేయర్ వెనక్కి వచ్చేసరికి 0.0136 అయింది, ఎనిమిదో వంతుకి పడిపోయింది. ఇలాంటి లేయర్లు పది ఉంటే మొదటి లేయర్‌కి ఏమి మిగులుతుందో ఊహించుకోండి. వానిషింగ్ గ్రేడియంట్ గురించి ఐదు మార్కుల ప్రశ్న వస్తే ఈ రెండు అంకెలూ రాసి వివరించండి.

ఇక మిగిలిన గ్రేడియంట్లు, అదే సూత్రం. గీత మొదట్లో x ఉంది, చివర్లో δ ఉంది.

```
w1 :  1 × -0.0136 = -0.0136      w3 :  1 × 0.0112 = 0.0112
w2 :  2 × -0.0136 = -0.0272      w4 :  2 × 0.0112 = 0.0224
b1 :              -0.0136        b2 :             0.0112
```

w2 కి ఇందాక దారి పట్టుకుని వెళ్తే -0.0271 వచ్చింది, ఇప్పుడు -0.0272. δ1 ని నాలుగు స్థానాలకి కుదించి 2 తో గుణించడం వల్ల వచ్చిన తేడా ఇది, పద్ధతిలో తప్పు కాదు. నాలుగో స్థానంలో ఒకటి అటూఇటూ అయితే పట్టించుకోనక్కర్లేదు. మూడో స్థానం మారితే మాత్రం వెనక్కి వెళ్లి వెతకండి.

ఇప్పుడు, అన్నీ ఒకేసారి అప్‌డేట్

పాత వెయిట్ నుంచి లర్నింగ్ రేటు, గ్రేడియంట్‌ల లబ్ధాన్ని తీసేయాలి. గ్రేడియంట్ నెగెటివ్ అయితే మైనస్ మైనస్ ప్లస్ అయి వెయిట్ పెరుగుతుంది.

```
v1 = 0.5  - 0.5×(-0.0676) =  0.5338
v2 = -0.4 - 0.5×(-0.0621) = -0.3690
c  = 0.1  - 0.5×(-0.1129) =  0.1565

w1 = 0.2068    w2 = 0.1136    b1 = 0.0068
w3 = -0.3056   w4 = 0.1888    b2 = 0.0944
```

కొన్ని పుస్తకాల్లో, కొందరు లెక్చరర్ల నోట్స్‌లో డెల్టాలో (t - y) అని రాసి, అప్‌డేట్‌లో మైనస్ బదులు ప్లస్ పెడతారు. రెండూ ఒకటే. కానీ డెల్టా ఒక పద్ధతిలో, అప్‌డేట్ ఇంకో పద్ధతిలో రాస్తే వెయిట్లన్నీ తప్పు దిశలో వెళ్తాయి. "δ విలువ ఎంత" అని విడిగా అడిగితే మీ క్లాసులో ఏ పద్ధతి చెప్పారో అదే గుర్తుతో రాయండి, పక్కన ఫార్ములా కూడా రాస్తే దిద్దేవాళ్లకి సందేహం ఉండదు.

సరిగ్గా వచ్చిందో లేదో ఎలా తెలుస్తుంది

కొత్త వెయిట్లతో మళ్లీ ఒకసారి ముందుకు వెళ్లండి.

```
z1 = 0.2068 + 0.2272 + 0.0068  = 0.4408    h1 = 0.6084
z2 = -0.3056 + 0.3776 + 0.0944 = 0.1664    h2 = 0.5415
z3 = 0.3248 - 0.1998 + 0.1565  = 0.2815    y  = 0.5699

E  = 1/2 (0.4301)^2 = 0.0925
```

ఎర్రర్ 0.1036 నుంచి 0.0925 కి దిగింది. h1 పెరిగింది, h2 తగ్గింది, డెల్టాల గుర్తులు చెప్పినట్టే జరిగింది.

కానీ ఎర్రర్ తగ్గినంత మాత్రాన అంతా కరెక్టని కాదు. ఇది నేను గట్టిగా చెప్పే విషయం. ఆ జూనియర్ తప్పు డెల్టాలతో చేసినా ఎర్రర్ తగ్గుతుంది, ఎందుకంటే దిశ దాదాపు సరైనదే. నిజంగా తేల్చుకోవాలంటే ఒక వెయిట్‌ని కదిపి చూడాలి. w2 ని 0.1 నుంచి 0.11 చేసి, మిగతావన్నీ పాత విలువల్లోనే ఉంచి, ఆరు స్థానాల వరకు లెక్క వేస్తే E 0.103634 నుంచి 0.103364 అవుతుంది. తేడా -0.000270, దాన్ని 0.01 తో భాగిస్తే -0.0270. మన గ్రేడియంట్ -0.0271 కి ఇది పక్కనే ఉంది. కొత్త v1 వాడి ఉంటే w2 గ్రేడియంట్ -0.0290 వచ్చేది, ఈ పరీక్షలో వెంటనే దొరికిపోయేది. ఇక్కడ ఆరు స్థానాలు ఎందుకంటే, నాలుగే ఉంచితే 0.1036 నుంచి 0.1034 అని కనపడి జవాబు -0.02 వస్తుంది, దేనికీ పనికిరాదు. పరీక్ష హాల్లో దీనికి టైమ్ ఉండకపోవచ్చు, ఇంటి దగ్గర చేసే ప్రతి ప్రాక్టీస్ లెక్కకీ మాత్రం హిడెన్ లేయర్లో ఒక్క వెయిట్‌కైనా ఇలా చేసి చూడండి.

ప్రశ్న మార్చి అడిగితే

ఎక్కువగా మూడు మార్పులు చేస్తారు, మూడింటిలోనూ పై లెక్కలో ఒక్క ముక్కే మారుతుంది.

ఎర్రర్ బైనరీ క్రాస్ ఎంట్రోపీ అయి, అవుట్‌పుట్ సిగ్మాయిడే అయితే y(1-y) కొట్టుకుపోయి δ3 = y - t = -0.4553 మాత్రమే మిగులుతుంది. అది కేవలం అవుట్‌పుట్ దగ్గరే. హిడెన్ లేయర్‌లో h(1-h) అలాగే ఉంటుంది, దాన్ని కూడా తీసేసేవాళ్లని చూశాను.

హిడెన్‌లో రెలు ఇస్తే h(1-h) బదులు z పాజిటివ్ అయితే 1, నెగెటివ్ అయితే 0. ఇక్కడ మాత్రం చూడాల్సింది z గుర్తు. z నెగెటివ్ అయిన న్యూరాన్‌కి డెల్టా సున్నా, దానిలోకి వచ్చే వెయిట్లు ఈ అడుగులో కదలవు. అలా కదలకపోతే భయపడి మళ్లీ లెక్క వేయొద్దు, జవాబే అది.

అవుట్‌పుట్లు రెండు ఉంటే హిడెన్ న్యూరాన్‌కి రెండు వైపుల నుంచీ డెల్టాలు వస్తాయి, ముందు వాటిని కూడాలి, తర్వాతే వాలుతో గుణించాలి. మన h1 నుంచి రెండో అవుట్‌పుట్‌కి 0.6 వెయిట్‌తో ఇంకో గీత ఉందనుకోండి, అక్కడ డెల్టా 0.05 అనుకోండి:

```
δ1 = (-0.1129×0.5 + 0.05×0.6) × 0.2403
   = (-0.0565 + 0.0300) × 0.2403
   = -0.0064
```

ఒక అవుట్‌పుట్ h1 ని పెరగమంటోంది, రెండోది తగ్గమంటోంది, అందుకే డెల్టా సగానికన్నా చిన్నదైంది. ఏ గీతల మీదుగా h1 బయటికి వెళ్లిందో ఆ గీతలన్నీ లెక్కలోకి రావాలి, మొదట్లో గీసుకున్న బొమ్మలో h1 నుంచి కుడివైపు ఎన్ని గీతలు ఉన్నాయో బ్రాకెట్‌లో అన్ని ముక్కలు ఉండాలి. లెక్క మొదలుపెట్టే ముందే వాటిని వేలితో లెక్కపెట్టుకోండి.